‘సెట్’ అన్నాక నడుం ఎక్కడుండాలి?

హైదరాబాద్‌లో ఏ స్కూల్ మీట్‌కెళ్లి 100 మీటర్ల పరుగు చూసినా ఒకటి కనిపిస్తుంది. పిల్లలు చక్కగా వంగి కూర్చుంటారు, విజిల్ పడగానే చాలామంది రెండో అడుగుకే నిటారుగా లేచిపోతారు. అంతసేపు వంగింది దేనికో ఆ లేవడంతోనే పోతుంది.

ఇలా వంగి మొదలుపెట్టే క్రౌచ్ స్టార్ట్ అంటే త్వరగా లేవడం కాదు, నేలని వెనక్కి నెట్టడం. మనం నేలని ఎటు నెడితే నేల మనల్ని దానికి ఎదురు దిక్కుకి నెడుతుంది. కిందికి నెడితే పైకి లేస్తాం, వెనక్కి నెడితే ముందుకి పోతాం. ఒంటి బరువు మోయడానికి కిందికి కొంత నెట్టక తప్పదు, అంతకు మించి కిందికి పోయిన బలమంతా వృథానే. వెనక్కి నెట్టాలంటే ఒంటి బరువు పాదాల కంటే బాగా ముందుకి ఉండాలి. చేతులు నేలకి ఆనించేది అందుకే, అవి లేకపోతే ఆ భంగిమలో ఎవరైనా బోర్లా పడతారు.

అందుకే నేను పిల్లల్ని మొదటిరోజే గీత దగ్గర కూర్చోబెట్టను, ముందు పడటం నేర్పిస్తాను. పాదాలు రెండూ కలిపి నిలబడి, నడుం వంచకుండా చీలమండల దగ్గర నుంచి ఒళ్లంతా ముందుకి వాల్చాలి. ఇక పడిపోతాం అనిపించినప్పుడు కాలు దానంతటదే ముందుకొస్తుంది, అక్కడి నుంచి పది మీటర్లు పరుగు. ముందుకొచ్చిన ఆ కాలు స్టార్ట్‌లో వెనక ఉంటుంది, రెండోది గీతకి దగ్గరగా ఉంటుంది. చాలామందికి ఈ లెక్క సరిపోతుంది, అనుమానం ఉంటే రెండు రకాలుగానూ పరిగెత్తించి చూడాలి. పడటం వచ్చాక ఒక చెయ్యి నేలకి ఆనించి మొదలుపెట్టడం, అది కుదిరాకే రెండు చేతులు.

ఎనిమిదో తరగతి పిల్లాడి సంగతి చెప్తాను. ముందుకాలు గీతకి ఒక్క అడుగు దూరంలోనే పెట్టుకునేవాడు. నడుం లేపి ఆగమని ‘సెట్’ అనగానే వాడి మోకాలు ఛాతీకి తగిలేంత ముడుచుకునేది, అలా ముడుచుకున్న కాలు ముందు పైకే లేపుతుంది. వాడి బూటు పొడవు 24 సెంటీమీటర్లు. గీత నుంచి రెండు బూట్లు కొలిచి, అంటే 48 సెంటీమీటర్ల దగ్గర ముందుకాలు, మూడు బూట్ల దగ్గర వెనక కాలు పెట్టించాను. తర్వాత నోట్‌బుక్ మూల వాడి ముందు మోకాలి వెనక పెట్టి చూస్తే కోణం దాదాపు సరిపోయింది, అంటే 90 డిగ్రీలు. వెనక మోకాలు ఇంకాస్త తెరుచుకుని 120, 130 దగ్గర ఉంటే చాలు. నడుం భుజాల కంటే కొంచెం పైకి, భుజాలు గీత మీదికి లేదా కొద్దిగా దాటి.

ఇక్కడే ఒక పరీక్ష ఉంది. ‘సెట్’లో ఉన్నప్పుడు “చేతులు తియ్‌రా” అంటే పిల్లాడు వెంటనే ముందుకి పడిపోవాలి. పడకుండా ఆగగలిగాడంటే బరువు ఇంకా వెనకే ఉన్నట్టు.

“సార్, తల దించమంటారా?” అని అడిగాడు వాడు. “తల సంగతి వదిలెయ్, నేలని వెనక్కి తన్ను” అన్నాను. ఒక్కో ప్రయత్నానికి ఒక్క మాటే చెప్పాలి. తల, మోచెయ్యి, మోకాలు అన్నీ కలిపి చెబితే పిల్లలకి టెన్షన్ పెరిగి ఒళ్లు బిగుసుకుంటుంది. పైగా తమ ఒంటి మీద కంటే నేల మీద ధ్యాస పెడితే కదలిక సాఫీగా వస్తుంది. మొదట “నడుం లేపి ఆగు”, అది స్థిరపడ్డాక “వెనక్కి తన్ను”, ఆఖర్న “చేతులు గట్టిగా ఊపు”. మూడో మాటకి రావడానికి కొన్ని వారాలు పట్టినా తొందర లేదు.

మట్టి గ్రౌండ్ అయితే జాడలు చూడండి, అవి అబద్ధం చెప్పవు. మొదటి అడుగు చాలా దూరం పడి మడమ గుర్తు లోతుగా ఉంటే, పిల్లాడు కాలు ముందుకి చాచి తనకి తనే బ్రేక్ వేసుకున్నట్టు. బాగా నెట్టినప్పుడు మునివేళ్ల గుర్తే కనిపిస్తుంది, ఒక్కో అడుగు మునుపటి దానికంటే కొంచెం పెరుగుతూ పోతుంది. పాదాలు ఆనించి నెట్టే బ్లాక్స్ లేకపోతే ఇద్దరు స్నేహితులు వెనక నిలబడి, పరిగెత్తేవాడి పాదాల వెనక తమ బూట్లు అడ్డుపెడితే సరిపోతుంది.

‘సెట్’కీ విజిల్‌కీ మధ్య వ్యవధి రోజూ మారుస్తూ ఉండండి, లేకపోతే పిల్లలు శబ్దం వినకుండా లెక్కపెట్టుకుని దూకుతారు. పెద్ద పోటీల్లో శబ్దం తర్వాత 0.1 సెకను లోపే కదిలితే ఫాల్స్ స్టార్ట్. నిజానికి శబ్దానికి స్పందించే సమయం కంటే, ఆ తర్వాత కాళ్లతో నెట్టే సమయమే ఎక్కువ, అందుకే నా శ్రద్ధంతా దాని మీదే.

ఒక సాధనలో ఆరేడు స్టార్ట్‌లు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. అలిసిన కాళ్లు మళ్లీ పైకి లేవడమే అలవాటు చేసుకుంటాయి.

ఆరో తరగతి పిల్లల్లో చాలామందికి అంత కింది నుంచి ఒంటిని నెట్టుకునే బలం ఇంకా కాళ్లలో ఉండదు. వాళ్లని నిలబడి ఒకసారి, వంగి ఒకసారి పది మీటర్లు పరిగెత్తించి, రెంటినీ ఫోన్‌లో వీడియో తీసి పోల్చండి. నిలబడి మొదలుపెట్టిందే వేగంగా ఉంటే కొన్నాళ్లు ఒంటిచేతి స్టార్ట్ దగ్గరే ఉంచి, స్క్వాట్లు, గెంతులు చేయించండి.