జీతం వచ్చే ఆవిడకి కూడా ఫ్రీ లాయరా? ఈ గొడవ వెనక కథ

విడాకుల కేసులో ఉద్యోగం చేసుకుంటున్న భార్యకి ప్రభుత్వం లాయర్‌ని ఇచ్చిందట, భర్తకి మాత్రం ఇవ్వలేదట అని మళ్ళీ రచ్చ మొదలైంది కదా, ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పే రాజ్యాంగంలోని 39ఏ ఆర్టికల్ నుంచి మొదలుపెట్టడం నాకిష్టం లేదు గానీ, అసలు మలుపు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో ఉంది, అది అమల్లోకి వచ్చింది మాత్రం 1995 నవంబర్ 9న.

అంతకుముందు సివిల్ కేసులో పేదవాళ్ళకి చట్టంలో ఉన్న దారి సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే సీపీసీలోని ఆర్డర్ 33, ఇప్పటికీ ఉందనుకోండి. కోర్టు ఫీజు కట్టే స్తోమత లేదని కోర్టులో నిరూపించుకోవాలి, ఎదుటి పార్టీకీ ప్రభుత్వ ప్లీడర్‌కీ నోటీసు వెళ్తుంది, వాళ్ళొచ్చి "ఈవిడకి బంగారం ఉందండీ" అనొచ్చు. పుస్తెలు లెక్కలోకి రావు, చేతి గాజులు మాత్రం రావొచ్చు. అసలు కేసు కదలకముందే ఆవిడ పేదరికం మీద ఇంకో కేసన్నమాట! పైగా లాయర్‌ని పెట్టడం కోర్టు ఇష్టం.

1987 చట్టం సెక్షన్ 12 ఫ్రీ లాయర్ విషయంలో ఈ పద్ధతి పక్కనపెట్టింది. ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్ళు, ఇండస్ట్రియల్ వర్కర్లు, ఇలాంటివాళ్ళకి ఆదాయం అడగరు. మిగతావాళ్ళకే ఆదాయ పరిమితి, మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 3 లక్షలు. దానికి కూడా సెక్షన్ 13 ప్రకారం అఫిడవిట్ చాలు, అనుమానించే కారణం ఉంటే తప్ప.

ఉదాహరణకి ఓ ఆవిడకి నెలకి 18 వేలు జీతం, ఇల్లు భర్త పేరునే ఉంది, ఇద్దరు పిల్లలు, భరణం కేసు వేయాలి. జీతం ఉందిగా అంటారు, సరే, అద్దె, స్కూల్ ఫీజు పోయాక లాయర్‌కి ఏం మిగులుతుంది? కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకో, దగ్గర్లోని మండల కమిటీకో వెళ్ళి అర్జీ ఇవ్వాలి, 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. రూల్ ప్రకారం 7 రోజుల్లో తేల్చాలి. కేసులో కాస్తయినా పస ఉందా అని చూస్తారు, ఉంటే సంస్థ జాబితాలో ఉన్న ప్యానెల్ లాయర్‌ని కేటాయిస్తూ లెటర్ ఇస్తారు, ఆ లెటర్ దాచుకోవాలి. ఎందుకంటే కొందరు ప్యానెల్ లాయర్లు "ఖర్చులకి" అని చెయ్యి చాపుతారు, అలా అడక్కూడదు, ఫీజు వాళ్ళకి సంస్థే ఇస్తుంది. అడిగితే ఆ లెటర్‌తోనే సెక్రటరీకి కంప్లైంట్ ఇచ్చి లాయర్‌ని మార్చమనొచ్చు.

మరి భర్త వాదన? ఏడాదికి 3 లక్షల 20 వేలు వచ్చే మనిషి పరిమితి దాటేశాడు, అది నిజంగానే ఇబ్బందే, కాదనను. కానీ ఆయన ఫ్యాక్టరీలో కార్మికుడైతే వర్కర్ కోటాలో ఆదాయంతో పనిలేకుండా అడగొచ్చు, అర్జీలో ఆ గడి నింపకుండా ఆదాయం గడి నింపి వెనక్కొచ్చేవాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు నాకు.