ముక్కోటి ఏకాదశి లేని 2024: భక్తి ఛానళ్ల లెక్క ఎక్కడ తప్పుతోంది?

2023లో ముక్కోటి ఏకాదశి రెండుసార్లు వచ్చింది: జనవరి 2న ఒకటి, డిసెంబర్ 23న ఇంకొకటి. 2024లో అసలు రాలేదు. 2025లో మళ్లీ రెండు, జనవరి 10న, డిసెంబర్ 30న. ధనుర్మాసంలో వచ్చే శుక్ల ఏకాదశి కదా, డిసెంబర్ మధ్య నుంచి జనవరి మధ్య దాకా ఎప్పుడైనా పడుతుంది. పంచాంగం చూసేవాళ్లకు ఇది మామూలు విషయమే. ఛానల్ లెక్కలు చూపే యూట్యూబ్ స్టూడియోకి మాత్రం తిథులు తెలియవు. 2024ని 2023తో పోల్చి చూసుకున్న ఛానల్‌కి ఉత్తర ద్వార దర్శనం వీడియోలు కుప్పకూలినట్టు కనబడతాయి. "ఈ టాపిక్ ఇక పనికిరాదు" అని అక్కడే తేల్చేస్తారు. నిజానికి టాపిక్ పోలేదు, ఆ ఏడాది పండగే రాలేదు.

అంకెను చూసి వెంటనే నిర్ణయం తీసుకునే ఈ అలవాటు ఇప్పటిది కాదు. యూట్యూబ్ 2008లో 'ఇన్‌సైట్' పేరుతో మొదటిసారి ఛానల్ వాళ్లకు లెక్కలు చూపించింది. అప్పట్లో అందరి కళ్లూ వ్యూస్ మీదే. 2012లో పద్ధతి మారింది. వీడియోని ఎంతమంది నొక్కారన్నదానికంటే ఎంతసేపు చూశారన్నదానికి సిఫార్సుల్లో విలువ పెరిగింది. భక్తి ఛానళ్లకు ఇది బాగా కలిసొచ్చింది. స్తోత్రం పెట్టి పక్కన పని చేసుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి, ఏడు నిమిషాల స్తోత్రాన్నే తిప్పి తిప్పి గంట వీడియో చేస్తే వాచ్ టైమ్ దానంతటదే పెరిగేది. "ఎంత పొడుగైతే అంత మంచిది" అన్న నమ్మకం చాలామందిలో అలా పాతుకుపోయింది.

దాన్ని ఒక ఉదాహరణతో పరీక్షిద్దాం. ఒకే స్తోత్రం, రెండు వీడియోలు. ఏడు నిమిషాల దాన్ని సగటున 4 నిమిషాల 12 సెకన్లు చూశారనుకుందాం, అంటే 60 శాతం. గంట దాన్ని సగటున 12 నిమిషాలు, అంటే 20 శాతం. శాతం చూస్తే చిన్నది గెలిచింది, నిమిషాలు చూస్తే పెద్దది గెలిచింది. ఈ రెండు సగటులతో తగువు తీరదు. గంట వీడియోలో ఏ నిమిషం దాకా ఎంతమంది నిలిచారో చూపే రిటెన్షన్ గీతను దగ్గరగా చూడాలి. అది 7వ నిమిషం దగ్గర ఒక మెట్టు, 14 దగ్గర ఇంకో మెట్టు దిగుతుంటే, జనం ఒకటో రెండో పారాయణలు పూర్తి చేసుకుని లేస్తున్నారన్నమాట. వాళ్లకు కావాల్సింది గంట కాదు, మూడుసార్లు పారాయణ ఉన్న ఇరవై ఒక్క నిమిషాల వీడియో. మెట్లేమీ లేకుండా గీత నెమ్మదిగా జారుతుంటే ఎక్కువమంది నేపథ్యంలో మోగనిస్తున్నారు, గంట ఉంచవచ్చు. మొదటి 30 సెకన్లలోనే సగం మంది పోతే మాత్రం సమస్య నిడివిలో లేదు. చాలాసార్లు అది లోగో, సబ్‌స్క్రైబ్ మాట, పరిచయం అయ్యేదాకా స్తోత్రం మొదలుకాకపోవడమే. దేవుడి పాట కోసం వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

పోస్ట్ చేసే వేళ దగ్గర ఇంకో చిక్కుంది. అనలిటిక్స్‌లో రోజువారీ లెక్క అమెరికా పసిఫిక్ కాలమానం ప్రకారం నడుస్తుంది. అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి మనకు చలికాలంలో మధ్యాహ్నం ఒకటిన్నర. 2025 జనవరి 10న తెల్లవారుజామున నాలుగింటికి సుప్రభాతం పెట్టుకున్నవాళ్లంతా గ్రాఫ్‌లో జనవరి 9 కింద ఉంటారు. అది చూసి "జనం ముందురోజే వింటున్నారు" అనుకుని వచ్చే పండక్కి ఇంకో రోజు ముందుకు జరిపితే తప్పు మీద తప్పు. వేళ తెలియాలంటే ఆడియన్స్ ట్యాబ్‌లో ప్రేక్షకులు ఏ గంటల్లో ఉంటున్నారో చూపే ఊదారంగు పట్టీలు చూడాలి, అవి మన కాలమానంలోనే ఉంటాయి. అయినా, ఏ వేళకు పోస్ట్ చేశామన్నది వీడియో దీర్ఘకాలపు నడకను నేరుగా మారుస్తుందన్న ఆధారం లేదని యూట్యూబే చెబుతోంది. పండగ వీడియోకి వేళకన్నా, ఎన్ని రోజుల ముందు పెట్టామన్నదే ముఖ్యం.

షార్ట్స్‌ని ఈ పోలికలో కలపకండి. 2025 మార్చి 31 నుంచి వాటిలో వీడియో మొదలైతే చాలు, ఒక వ్యూ కింద లెక్క. అంతకుముందు అంకెలతో అవి సరిపోలవు.

కాబట్టి టాపిక్ విషయం తేల్చడానికి తేదీని పక్కనపెట్టి తిథిని పట్టుకోవాలి. అడ్వాన్స్‌డ్ మోడ్‌లో 2023 డిసెంబర్ 13 నుంచి 25 వరకు ఒక ముక్క, 2024 డిసెంబర్ 31 నుంచి 2025 జనవరి 12 వరకు ఇంకో ముక్క తీసుకోండి. రెండూ పండక్కి పది రోజుల ముందు మొదలై రెండు రోజుల తర్వాత ముగుస్తాయి. గ్రాఫ్‌లో ఒక రోజు వెనక్కి జరిగినా రెండింటిలోనూ ఒకేలా జరుగుతుంది. తర్వాత అదే వీడియోలను పండగ వెళ్లిన నెలకు మరోసారి చూడండి. ద్వార దర్శనం వీడియో సున్నాకి దగ్గరపడి ఉంటే అది ఏకాదశి సరుకు, వచ్చేసారి పది రోజుల ముందు పెట్టాలి. సహస్రనామం ఇంకా రోజూ వినబడుతుంటే దానికి పండగతో పనిలేదు, ఏ వారమైనా కొత్తగా పాడించి పెట్టవచ్చు.