ఒక తప్పుకు ఎన్నిసార్లు మార్కులు కోయాలి?

భౌతికశాస్త్రం పరీక్షల్లో పెద్ద లెక్కలు చాలావరకు భాగాలుగా వస్తాయి. మొదటి భాగంలో వేగం కనుక్కోమంటారు. రెండో భాగంలో ఆ వేగంతో గతిజశక్తి అడుగుతారు. ఆ శక్తినే తీసుకుని వస్తువు ఎంత దూరం వెళ్లి ఆగుతుందో చెప్పమంటారు. మొదటి విలువ తప్పిందంటే దాని మీద నిలబడ్డ విలువలన్నీ తప్పుతాయి. ఆ తర్వాత విద్యార్థి సరైన సూత్రమే రాసి, తన విలువనే అందులో వేసి, లెక్క పొల్లుపోకుండా చేసి ఉండవచ్చు. అతనికి ఆ మార్కులు ఇవ్వాలా, వద్దా? ఇవ్వాలన్నదే నేడు చాలా పరీక్షా బోర్డుల నియమం. దీన్ని కొన్ని బోర్డులు ‘ఫాలో త్రూ’ అనీ, కొన్ని ‘ఎర్రర్ క్యారీడ్ ఫార్వర్డ్’ అనీ పిలుస్తాయి. మూల్యాంకన సూచనల్లో ఎఫ్‌టీ, ఈసీఎఫ్ అనే పొడి అక్షరాలుగా ఇవే కనిపిస్తాయి. దిద్దేవారి జాలి నుంచి పుట్టిన నియమంగా దీన్ని చాలామంది చూస్తారు. దీని వెనుక చరిత్ర చూస్తే ఆ అభిప్రాయం నిలవదు.

ముందు ఒక లెక్క. 2.0 కిలోల దిమ్మె 1.8 మీటర్ల ఎత్తు నుంచి నున్నని వాలు మీద జారి, గరుకైన సమతలం మీదికి వస్తుంది. ఘర్షణ గుణకం 0.30, g విలువ 9.8. (అ) వాలు అడుగున వేగం ఎంత? (ఆ) అక్కడ గతిజశక్తి ఎంత? (ఇ) సమతలం మీద ఘర్షణ బలం ఎంత? (ఈ) దిమ్మె ఎంత దూరం వెళ్లి ఆగుతుంది? మార్కులు వరుసగా 2, 2, 1, 2 అనుకుందాం. సరైన జవాబులు 5.94 మీ./సె., 35.28 జౌళ్లు, 5.88 న్యూటన్లు, 6.0 మీటర్లు.

మొదటి విద్యార్థి v² = 2gh లో 2 మరిచిపోయి v² = gh అని రాశాడు. వేగం 4.2 వచ్చింది. ఆపైన అంతా సక్రమమే. ½mv² తో 17.64 జౌళ్లు, ఘర్షణ బలం 5.88, దూరం 3.0 మీటర్లు. రెండో విద్యార్థి కూడా అదే తప్పుతో 4.2 తెచ్చుకున్నాడు. అతను (ఆ)లో మరో తప్పు చేశాడు. గతిజశక్తికి ½ వదిలేసి mv² అని రాశాడు. మొదట పోయిన 2, తర్వాత పోయిన ½ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. శక్తి 35.28 వచ్చింది, దూరం 6.0 వచ్చింది. రెండూ అచ్చంగా కీలో ఉన్న విలువలే.

చివరి విలువలు మాత్రమే చూసి దిద్దితే ఏమవుతుంది? ఒకే తప్పు చేసిన మొదటి విద్యార్థికి ఘర్షణ బలం తాలూకు ఒక్క మార్కు వస్తుంది, అంటే 7కి 1. రెండు తప్పులు చేసిన రెండో విద్యార్థికి 7కి 5 వస్తాయి. మెట్లు చూస్తూ, విద్యార్థి సొంత విలువను అనుసరించి దిద్దితే మొదటివాడికి (అ) పోయి మిగతా 5 దక్కుతాయి. రెండోవాడికి (అ), (ఆ) రెండూ పోతాయి. ఘర్షణ బలానికి 1, తన శక్తి విలువ నుంచి దూరం సరిగ్గా తెచ్చినందుకు 2, మొత్తం 3. ఎవరికి ఎంత భౌతికశాస్త్రం తెలుసో రెండో పద్ధతిలోనే బయటపడుతోంది. తెలిసినదాన్ని కొలవడమే పరీక్ష పని అయితే, మొదటి పద్ధతి కొలతే తప్పు.

మార్కులు ప్రశ్నకు అతుక్కున్న నాటి నుంచే ఈ చిక్కు మొదలైంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు పరీక్ష అంటే లాటిన్‌లో మౌఖిక వాదం. విద్యార్థి ఎంత గట్టివాడో పెద్దలు మొత్తం మీద చూసి తేల్చేవారు. 18వ శతాబ్దంలో అక్కడి గణిత పరీక్ష ట్రైపోస్‌లో రాతపని పెరిగింది. ఒక్కో ప్రశ్నకు విడిగా మార్కులు వేయాలన్న ఆలోచనను 1792 నాటి అక్కడి అధ్యాపకుడు విలియం ఫారిష్‌కు ఆపాదిస్తారు. విద్యార్థులను వరుస స్థానాల్లో నిలబెట్టడానికి అది చాలా ఉపయోగపడింది. అయితే మార్కు ఒకసారి ప్రశ్నకు అంటుకున్నాక, ఆ ప్రశ్న లోపల ఏం జరిగిందన్నది దిద్దేవారి విచక్షణకే మిగిలిపోయింది.

19వ శతాబ్దపు ట్రైపోస్ ప్రశ్న తరచూ రెండు అంతస్తులుగా ఉండేది. పుస్తకంలోని సిద్ధాంతాన్ని నిరూపించడం కింది అంతస్తు, దాన్ని కొత్త సందర్భానికి వర్తింపజేసే ‘రైడర్’ పై అంతస్తు. నేటి అ, ఆ, ఇ, ఈ భాగాల పూర్వరూపం నాకు అందులో కనిపిస్తుంది. ఒక తేడా మాత్రం ముఖ్యం. కింద నిరూపించాల్సిన ఫలితం ప్రశ్నలోనే అచ్చయి ఉంటే, నిరూపణ కుదరకపోయినా విద్యార్థి ఆ ఫలితాన్ని తీసుకుని పైకి ఎక్కవచ్చు. సంఖ్యల లెక్కలో ఆ వీలు లేదు. తన విలువ తప్పని అతనికి తెలియనే తెలియదు, తప్పుడు మెట్టు మీద నిలబడే పైకి వెళతాడు.

దిద్దేవారి విచక్షణ ఎంత నమ్మదగింది అన్న ప్రశ్న తర్వాతి వంద సంవత్సరాల్లో గట్టిగా ముందుకొచ్చింది. ఆర్థికవేత్త ఎడ్జ్‌వర్త్ 1888లోనే పరీక్షల మార్కుల్లో యాదృచ్ఛికత వాటా ఎంతో గణాంకశాస్త్రంతో చర్చించాడు. 1913లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే రేఖాగణితం జవాబు పత్రాన్ని వందకు పైగా ఉపాధ్యాయుల చేత దిద్దించారు. వందకు వేసిన మార్కులు 30కి దిగువ నుంచి 90కి పైదాకా వచ్చాయి. వ్యాసాల విషయంలో ఇలా జరిగితే ఎవరూ ఆశ్చర్యపోరు, గణితంలో జరగడమే కలవరపెట్టింది. పద్ధతికి ఎంత, జవాబుకు ఎంత అని ముందుగా ఒప్పందం లేనప్పుడు ఒకరు జవాబు చూసి కొట్టేస్తారు, ఇంకొకరు ఆలోచన చూసి మార్కులు వేస్తారు. ఇద్దరూ తమ లెక్కన న్యాయంగానే ఉంటారు.

ఆ ఒప్పందాన్నే కాగితం మీద పెట్టింది వివరమైన మూల్యాంకన సూచిక. బ్రిటిష్ బోర్డుల గణితం సూచికల్లో మార్కులు రకాలుగా విడిపోయాయి. సరైన పద్ధతికి ఎం మార్కు, ఆ పద్ధతితో సరైన ఫలితం తెస్తే ‘ఏ’ మార్కు, పద్ధతితో పనిలేకుండా విడిగా ఇచ్చేది బి మార్కు. ఎం మార్కు రాకపోతే దాని మీద ఆధారపడ్డ ‘ఏ’ మార్కు రాదు. ఈ విభజన జరిగాకే మన సమస్యకు స్పష్టమైన రూపం వచ్చింది. ముందు భాగంలో పుట్టిన తప్పుడు విలువను మోసుకొచ్చినా పద్ధతి సరైనదే కాబట్టి ఎం మార్కుకు ఢోకా లేదు. తగవల్లా ‘ఏ’ మార్కు మీదే. ఏ విలువతో పోల్చి ‘సరైన ఫలితం’ అనాలి, కీలోని విలువతోనా, విద్యార్థి సొంత విలువ నుంచి రావాల్సిన విలువతోనా? సూచికలో ఒక మార్కు పక్కన ఎఫ్‌టీ అని ఉంటే రెండోదానితో పోల్చాలని అర్థం. ‘సరైన జవాబుకు మాత్రమే’ అని ఉంటే మొదటిదానితో.

ప్రశ్నపత్రం తయారుచేసేవారు ఇంకో దారి కూడా కనిపెట్టారు. ‘వేగం సుమారు 6 మీ./సె. అని చూపండి’ అని అడుగుతారు. విలువ ముందే చేతికిచ్చేశారు కనుక, అక్కడ తడబడ్డవారు కూడా 6 తీసుకుని ముందుకు వెళతారు. గొలుసు అక్కడికి తెగిపోతుంది. దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది. జవాబు తెలిసిపోయింది కాబట్టి దాన్ని ఎలాగోలా రప్పించే ప్రయత్నాలు మొదలవుతాయి. కాగితం మీద 4.2 వచ్చిన విద్యార్థి వెనక్కి వెళ్లి 2ను ఇరికిస్తాడు. అందుకే ఇలాంటి ప్రశ్నల్లో దిద్దేవారు చివరి విలువను పట్టించుకోకుండా మధ్య మెట్లనే చూస్తారు. ఇచ్చిన విలువ కంటే ఒక అంకె ఎక్కువగా, అంటే 5.9 అని రాశాడా లేదా చూస్తారు. నిజంగా లెక్క చేసినవారికే ఆ అంకె వస్తుంది.

విద్యార్థి విలువను అనుసరించడానికీ హద్దులున్నాయి. వాటిలో అన్నిటికంటే సూటిగా రాసినవి నాకు అంతర్జాతీయ భౌతికశాస్త్ర ఒలింపియాడ్‌లో కనిపించాయి. 2012లో ఎస్టోనియాలో జరిగిన పోటీ మూల్యాంకన నియమం ప్రకారం మోసుకొచ్చిన తప్పుకు మళ్లీ మళ్లీ మార్కులు కోయరు, రెండు సందర్భాల్లో తప్ప. ఆ తప్పు వల్ల తర్వాతి పని బాగా సులువైపోతే మొదటిది. వచ్చిన ఫలితం తప్పని విద్యార్థే సులభంగా తెలుసుకోగలిగితే రెండోది.

రెండూ సబబైనవే. మన లెక్కలోనే ఒక విద్యార్థి ఘర్షణ బలం సున్నా అని తేల్చాడనుకోండి. ఆగే దూరం కనుక్కోవాల్సిన పనే ఇక మిగలదు. ‘ఎప్పటికీ ఆగదు’ అన్న ఒక్క వాక్యం అతని విలువకు కట్టుబడి ఉన్నా, దానికి 2 మార్కులు ఇస్తే చేయని పనికి ఇచ్చినట్టవుతుంది. రెండో సందర్భానికి వక్రీభవనం మంచి ఉదాహరణ. ముందు భాగంలో వక్రీభవన గుణకం తప్పుగా వచ్చి, తర్వాత కోణం సైన్ విలువ 1.2 అని తేలితే, సైన్ ఎప్పుడూ 1ని దాటదు కాబట్టి విద్యార్థి అక్కడ ఆగి వెనక్కి చూడాలి. చూడకుండా ఏదో కోణం రాసేస్తే అది కొత్త తప్పు, పాతదాని నీడ కాదు. వేగం 4.2 అన్నప్పుడు అలాంటి హెచ్చరిక ఏదీ లేదు. అది కూడా నమ్మదగ్గ వేగమే. అందుకే అక్కడ అనుసరించి దిద్దడం న్యాయం.

కంప్యూటర్లు దిద్దడం మొదలుపెట్టాక ఈ సాధన కొంతకాలం వెనక్కి పోయింది. 1990లలో వచ్చిన ఆన్‌లైన్ హోంవర్క్ వ్యవస్థలు ఒక్కో విద్యార్థికి ఒక్కో రకం సంఖ్యలు ఇవ్వగలిగాయి. గడిలో పడ్డ సంఖ్యను మాత్రం కీతోనే పోల్చేవి. తర్వాత తరం సాధనాలు దీన్ని సరిచేశాయి. క్రిస్ సాంగ్విన్ బర్మింగ్‌హామ్‌లో మొదలుపెట్టిన స్టాక్, న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో తయారైన నుంబాస్, ముందు గడిలోని విద్యార్థి జవాబును తీసుకుని తర్వాతి గడికి రావాల్సిన విలువను మళ్లీ లెక్కగట్టేలా ప్రశ్నను అమర్చుకోనిస్తాయి. అలా అమర్చితే మొదటి విద్యార్థి 17.64కు, 3.0కు మార్కులు వస్తాయి.

రెండో విద్యార్థి 35.28 మాత్రం ఇంకా ఇబ్బందే. కీ విలువను గానీ, అనుసరించిన విలువను గానీ ఏది కలిసినా మార్కు ఇమ్మని అమర్చితే, అతని రెండు తప్పులకూ మార్కులు పడతాయి. పోనీ అనుసరించిన విలువనే ఒప్పుకోమని అమర్చితే ఇంకొకరికి నష్టం. మూడో విద్యార్థి ఒకరు (అ)లో 4.2 అని తప్పు రాసి, (ఆ)లో ఆ వేగం జోలికే పోకుండా mgh నుంచి నేరుగా 35.28 తెచ్చుకుని ఉండవచ్చు. అది పూర్తిగా సరైన భౌతికశాస్త్రం, అతనికి 2 మార్కులూ ఇవ్వాల్సిందే. తెర మీద ఇద్దరి గడుల్లోనూ ఉన్నవి అవే అంకెలు. mv² అని రాశాడా, mgh అని రాశాడా అన్నది గడిలో కనిపించదు. కనిపించాలంటే శక్తి విలువతో పాటు దాన్ని తెచ్చిన సూత్రాన్ని రాయడానికి కూడా ఒక గడి పెట్టి, దానికి విడిగా ఒక మార్కు కేటాయించాలి.