అపోహలు - వాస్తవాలు: ఇద్దరివీ స్థిర రాశులైతే ఆ సంబంధం వదిలేసుకోవాలా?

అపోహ: స్థిర రాశికి స్థిర రాశి పడదు, ఇద్దరూ మొండోళ్లే.

మొన్న విజయనగరంలో ఒకావిడ జాతకాలు పట్టుకొచ్చి "అమ్మాయిది వృషభం, అబ్బాయిది సింహం అండి, రెండూ స్థిరమేనట, ఒగ్గీమంటారా పంతులుగారూ" అని అడిగింది. చర రాశి వాళ్లు నిర్ణయం టక్కున తీసేసుకుంటారని, స్థిర రాశి వాళ్లు పట్టిన పట్టు వదలరని, ద్విస్వభావ రాశి వాళ్లు రెండువైపులా ఆలోచించి మాట మారుస్తారని మన శాస్త్రంలో చెప్పేది నిజమే. కానీ 36 గుణాల పొంతనలో చర, స్థిర అనేదానికి విడిగా ఒక్క గుణం కూడా లేదు, అక్కడ రాశి కూటం చూసేది ఒక రాశి నుంచి ఇంకోటి ఎన్నోది అనే. వృషభం నుంచి లెక్కపెడితే సింహం నాలుగోది, సింహం నుంచి వృషభం పదోది, దానికి 7కి 7 గుణాలూ వస్తాయి. పాశ్చాత్య పద్ధతిలో మాత్రం ఇదే 90 డిగ్రీల దూరాన్ని ఘర్షణ అంటారు, ఫోన్లో అది చదివి మనోళ్లు భయపడిపోతున్నారు.

అపోహ: యాప్‌లో వచ్చిన రాశితోనే స్వభావం చెప్పేయొచ్చు.

మే 5న పుట్టినవాళ్లకి యాప్ సూర్యుణ్ణి బట్టి వృషభం అంటుంది, అంటే స్థిరం. మన పంచాంగం లెక్కలో ఆ రోజు సూర్యుడు ఇంకా మేషంలోనే ఉంటాడు, అది చరం. పైగా మనం పొంతనకి చూసేది చంద్రుణ్ణి, నలుగురిలో మాటతీరుకి లగ్నాన్ని, అంటే పుట్టిన టైముకి తూర్పున ఉదయిస్తున్న రాశిని. లగ్నం సుమారు రెండు గంటలకోసారి మారిపోద్ది కాబట్టి పుట్టిన టైము పది నిమిషాలు అటూ ఇటూ అయినా ఒక్కోసారి స్థిరం కాస్తా ద్విస్వభావం అయిపోతుంది, అందుకే లగ్నం అంచున పడితే నేను దాన్ని బట్టి ఏమీ చెప్పను.

అపోహ: ద్విస్వభావం వాళ్లు సర్దుకుపోతారు.

ఇదే వృషభం-సింహం జత ఇంకొకటి నాకు తెలుసు, పెళ్లయ్యి ఆరేళ్లు. ఆవిడ లగ్నం కన్య, ద్విస్వభావం. రాజాం దగ్గర నాన్నగారి స్థలంలో ఇల్లు కడదామని ఆయన, విజయనగరంలోనే ఉందామని ఆవిడ. ఆయన అడిగిన ప్రతిసారీ ఆవిడ "సరే చూద్దాం లెండి" అనేది, ఆయన అది ఒప్పుకున్నట్టే అనుకుని మేస్త్రీతో మాట్లాడేసి అడ్వాన్సు కూడా ఇచ్చేశారు, ఇంక ఇంట్లో నెల రోజులు మాటల్లేవు. మాట మెత్తగా ఉంది గానీ లోపల చంద్రుడు వృషభంలో, కదల్లేదు.

నేను ఇద్దర్నీ విడివిడిగా ఒకటే అడిగాను, ఏది మాత్రం వదులుకోలేరు అని. "స్థలం అమ్మమంటే మాత్రం ఒప్పుకోను" అన్నారాయన. "పాప స్కూల్ మారకూడదండి" అంది ఆవిడ. చూస్తే రెండిటికీ అసలు గొడవే లేదు. స్థలానికి ప్రహరీ కట్టించి ఉంచారు, విజయనగరంలో అద్దెకే ఉన్నారు, పాప పదో తరగతి అయ్యాక మళ్లీ మాట్లాడుకుందామని ఆవిడే క్యాలెండర్ మీద రాసి పెట్టింది.