హనుమంతుడు నల్లగా ఎందుకు పడ్డాడు: ధర్మవరం తోలుబొమ్మల సినిమా గొడవ వెనక

చల్లారిందనుకున్న గొడవ ఈ వారం మళ్లీ రాజుకుంది. ధర్మవరంలో ఇంటర్ చదివే పదహారేళ్ల అమ్మాయి తోలుబొమ్మలతో తీసిన పదకొండు నిమిషాల సినిమా, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల పోటీలో చివరి వడపోత దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. ‘పెద్దవాళ్ల సాంకేతిక సాయం’ ఉందని ఎవరో రెండోసారి ఫిర్యాదు పెట్టారు. అది నిబంధనలకి విరుద్ధం. ఫిర్యాదులో పెద్దాయన అంటే ఊళ్లోని ఒక పాత థియేటరులో ముప్పై ఏళ్లు ప్రొజెక్టరు నడిపి రిటైరైన ఆపరేటరు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో చేసే తోలుబొమ్మల గురించి, ఆ ఊరి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చిన సంగతి గురించి, రీళ్లు పోయాక ఆపరేటర్లు ఇంటిదారి పట్టడం గురించి ఇక్కడ మళ్లీ చెప్పనక్కర్లేదు. పోయినసారి గొడవలో అందరూ అవే రాశారు. మూతపడ్డ మగ్గాల షెడ్డులో ఒక రాత్రి జరిగిన పని గురించి మాత్రం ఎవరూ సరిగా రాయలేదు. నా మటుకు నాకు మొత్తం వ్యవహారం ఆ రాత్రిలోనే ఉంది.

అప్పటికి సినిమా మూడు వంతులు అయిపోయింది. మిగిలింది అశోకవనంలో సీతమ్మ ముందు హనుమంతుడు పెరిగే ఘట్టం. ఆటలో అయితే చిన్న హనుమంతుణ్ణి తీసి పెద్ద బొమ్మ పెడతారు. ఈ అమ్మాయికి బొమ్మ మారకూడదు, కళ్ల ముందే పెరగాలి. అందుకు దారి ఒకటే: బొమ్మని తెర నుంచి వెనక్కి, దీపం వైపుకి జరపడం. దీపానికి దగ్గరయ్యేకొద్దీ నీడ పెద్దదవుతుంది.

రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టిన తెర. దానికి ఆరడుగుల వెనక రెండు ఎల్‌ఈడీ ట్యూబులైట్లు. బొమ్మ తెరకి ఆనుకుని ఉన్నంతసేపూ అంతా బాగుంది. రెండడుగులు వెనక్కి జరపగానే హనుమంతుడు మబ్బుముక్కలా చెదిరిపోయాడు. పైగా ఫోన్లో చూస్తే తెర మీద నల్లటి చారలు మెల్లగా పైకి పాకుతున్నాయి. మూడు రాత్రులు ఇదే తంతు. నాలుగో రాత్రి వాళ్లమ్మ వెళ్లి ఆపరేటరుని పిలుచుకొచ్చింది.

ఆయన ముందు చారల సంగతి చూశాడు. ఫోను పట్టుకోలేదు, ట్యూబులైటు వంక చూశాడు. “కరెంటు ఊగుతా ఉంది పాపా. మన కంటికి తెలీదు, దానికి తెలుస్తాది” అన్నాడట. ఇది ఆయనకి పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. రీలు అంచున శబ్దం సన్నటి గీతగా ఉంటుంది. ఒక చిన్న బల్బు వెలుగు ఆ గీత గుండా పోయి అవతలి ఫోటోసెల్ మీద పడితే అది మాటా పాటా అవుతుంది. ఆ బల్బుకి ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు ఇచ్చారంటే వెలుగులోని ఊపు కూడా శబ్దమైపోయి, హాలంతా ‘బుయ్’మని మోగుతుంది. అందుకే దానికి డీసీ ఇస్తారు. వెలుగు ఊగుతుందని ఆయన ముప్పై ఏళ్లు చెవులతో విన్నాడు, అంతే.

మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. దానివల్ల నాసిరకం ఎల్‌ఈడీ సెకనుకి 100 సార్లు వెలిగి మందగిస్తుంది. ఫోను షట్టరు ఆ లెక్కతో కలవకపోతే చారలు వస్తాయి. ఇక్కడే అమ్మాయి కాలేజీ వాళ్లు ఒక వాదన అందుకున్నారు: ఫోన్లో షట్టరు 1/50 సెకను పెట్టుకుంటే పోయే దానికి ఇంత రాద్ధాంతమా, ఆయన చేసిన సాయం ఏపాటిది అని. చారల వరకూ ఆ మాట నిజం. అమ్మాయి కూడా తర్వాత ఆ సెట్టింగు కనుక్కుంది.

కానీ చెదిరిన నీడకి ఏ సెట్టింగూ లేదు. నాలుగడుగుల ట్యూబులైటులో ప్రతి అంగుళమూ ఒక దీపమే, ప్రతి దీపమూ ఒక నీడ వేస్తుంది. బొమ్మ దీపానికి నాలుగడుగుల దూరంలో, తెరకి రెండడుగుల దూరంలో ఉంటే, ట్యూబు పొడవులో సగం, అంటే రెండడుగుల మేర నీడ అంచు అలుక్కుపోతుంది. అదే దీపం అయిదు మిల్లీమీటర్లే ఉంటే అంచు రెండున్నర మిల్లీమీటర్లే చెదురుతుంది. కార్బన్ కడ్డీల మధ్య నిప్పుని ఏళ్ల తరబడి నల్లద్దంలోంచి చూస్తూ సర్దిన మనిషికి, దీపం చిన్నదైతే అంచు పదునెక్కుతుందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

మర్నాడు ఆయన మెకానిక్ షాపు నుంచి కారు హెడ్‌లైటు బల్బు తెచ్చాడు. 12 వోల్టులు, 55 వాట్లు, ఒకే ఫిలమెంటు. డూము లేకుండా ఉత్త బల్బుని రేకు డబ్బాలో బిగించాడు. అమ్మాయి తీగలు తీసుకెళ్లి ఇన్వర్టరు సాకెట్‌కి పెట్టబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు: సాకెట్లోంచి వచ్చేది మళ్లీ ఏసీయే, పైగా 230 వోల్టులు. బ్యాటరీ కొసలకి నేరుగా, మధ్యలో ఫ్యూజుతో కలిపారు. అయిదు ఆంపియర్లు కూడా తాగని బల్బుకి ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ రాత్రంతా సరిపోయింది. తోలు వేడికి ముడుచుకుంటుంది కాబట్టి బల్బుకి నాలుగడుగుల దూరంలో నేల మీద సుద్దగీత గీశారు. గీత దాటి బొమ్మ వెనక్కి రాకూడదు. మూడడుగుల హనుమంతుడు ఆ గీత దగ్గర తెర మీద నాలుగున్నర అడుగులయ్యాడు, చెవిపోగు చిల్లులతో సహా.

ఇంతవరకూ విని సినిమా ఆయనదే అనేవాళ్లు ఉన్నారు. ఫిర్యాదు కూడా ఇక్కడే ఆగుతుంది. నాకు ముఖ్యమనిపించింది ఆ తర్వాతి పావుగంట.

బొమ్మ వెనక్కి వచ్చేసరికి రంగులు పోయాయి. తోలు గుండా పోయే వెలుగు నాలుగు పక్కలా చెదిరిపోతుంది కాబట్టి, బొమ్మ తెరకి ఆనితేనే ఎరుపూ ఆకుపచ్చా కనబడతాయి. పెరుగుతున్నకొద్దీ హనుమంతుడు నల్లబడ్డాడు, ఉలితో కొట్టిన చిల్లులు మాత్రం నక్షత్రాల్లా మెరిశాయి. ఆపరేటరుకి అది నచ్చలేదు. బొమ్మలిచ్చిన నిమ్మలకుంట కుటుంబానికి అసలే నచ్చలేదు, రంగులేని బొమ్మని తెర మీద చూపిస్తే తమకే మాట అని. పెరగడం మానేసి పెద్ద బొమ్మ వాడమన్నారు, కావాలంటే ఇస్తామన్నారు కూడా. “తాతా, సీతమ్మకి అంతసేపూ భయమే కదా. నల్లగానే పెరగనీ. ఆమె గుర్తుపట్టినాక రంగు రావాల” అంది అమ్మాయి. చివర్లో బొమ్మని మళ్లీ తెర దాకా తెచ్చి ఆనించింది. సినిమాలో ఆ నలభై సెకన్లు చూసినవాళ్లకి ఈ మాట వేరే వివరించక్కర్లేదు.

ఫిర్యాదుదారుల వాదనకి బలం లేదని కాదు. నిబంధనలో ‘సాయం’ అంటే ఏమిటో రాయలేదు. బల్బు బిగించడం సాయమే. ఆ లెక్కన బొమ్మలు అరువివ్వడం, షెడ్డు తాళం తీయడం కూడా సాయమే, వాటి మీద మాత్రం ఎవరూ ఫిర్యాదు పెట్టలేదు.

పోటీ కమిటీ మొన్న ఆపరేటరుని రాతపూర్వకంగా వివరణ అడిగింది. ఆయన అరపేజీ రాసిచ్చాడు. బల్బు వాట్లు, బ్యాటరీ, తెరకి దీపానికి ఎన్ని అడుగులు, సుద్దగీత ఎక్కడ అన్నీ ఉన్నాయి. ‘చిత్రంలో మీ పాత్ర’ అన్న గడి దగ్గర మాత్రం ఒక్క మాటే: ఆపరేటరు.