సీటీ 18, సీటీ 28: ఆ అంకె ఎట్లా పుట్టింది

2021 ఎండాకాలంలో హన్మకొండలో మా అన్నకు, వదినకు ఒకే రోజు కరోనా పాజిటివ్ వచ్చింది. అన్న రిపోర్టులో సీటీ 18, వదినకు 28. "నాకే ఎక్కువుందా తమ్మీ?" అని వదిన ఒకటే టెన్షన్. ఇది స్కానింగ్ సీటీ కాదు, అంకె పెరిగితే వైరస్ తక్కువని అర్థం. ఈ తిరకాసు ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1983లో అమెరికాలోని సీటస్ కంపెనీలో కేరీ మల్లిస్‌కు, ఇప్పుడు కరోనా టెస్టుకు వాడే పీసీఆర్ ఆలోచన తట్టింది. డీఎన్ఏను సుమారు 95 డిగ్రీలకు వేడి చేస్తే రెండు పోగులు విడిపోతాయి. చల్లార్చితే మనకు కావలసిన ముక్క రెండు చివర్లా ప్రైమర్లనే చిన్న డీఎన్ఏ తునకలు అతుక్కుంటాయి, అక్కడి నుంచి ఎంజైమ్ కొత్త పోగు అల్లుతుంది. అంటే ఒక్కో సైకిల్‌కు ఆ ముక్క రెట్టింపు, 30 సైకిళ్లకు ఒక్కటి దాదాపు 107 కోట్లు. మొదట్లో ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోయేది, ప్రతి సైకిల్‌కూ మళ్లీ పోయాల్సి వచ్చేది. వేడినీటి ఊటల్లో బతికే బ్యాక్టీరియా నుంచి తీసిన టాక్ ఎంజైమ్‌తో ఆ బాధ పోయింది. కరోనా వైరస్‌ది ఆర్ఎన్ఏ కాబట్టి ముందు దాన్ని డీఎన్ఏగా మార్చుకోవాలి, అంతే తేడా.

అయినా "ఉందా, లేదా" అనే చెప్పగలిగేవాళ్లు, "ఎంత" అని కాదు. ఎందుకంటే ట్యూబులో సరుకు అయిపోయేసరికి రెట్టింపు ఆగిపోతుంది, ఎక్కువతో మొదలైన ట్యూబూ తక్కువతో మొదలైనదీ చివరికి దాదాపు ఒకేలా కనిపిస్తాయి. 1990ల మొదట్లో రస్సెల్ హిగుచి బృందం చివరిదాకా ఆగకుండా, రియాక్షన్ నడుస్తుండగానే డీఎన్ఏతో పాటు పెరిగే వెలుగును కెమెరాతో చూసింది. నాకు అసలు మలుపు ఇదే అనిపిస్తుంది. ఇప్పుడు ప్రోబ్ అనే ఇంకో చిన్న డీఎన్ఏ తునక వాడతారు, అది ఆ ముక్క మధ్యలో అతుక్కుంటుంది; దానికి ఒక చివర మెరిసే రంగు, రెండో చివర ఆ మెరుపును మింగేసేది ఉంటాయి. టాక్ కొత్త పోగు అల్లుతూ దారిలో ఉన్న ప్రోబ్‌ను తెంపితే, రంగు విడిపోయి వెలుగుతుంది. మెషీన్ ప్రతి సైకిల్‌కూ ఆ వెలుగును కొలుస్తుంది, అది ఒక గీత దాటిన సైకిలే సీటీ. వైరస్ ఎక్కువుంటే తొందరగా దాటుతుంది.

అన్నకూ వదినకూ తేడా 10 సైకిళ్లు, పది రెట్టింపులంటే సుమారు వెయ్యి రెట్లు. ల్యాబులో పనిచేసే దోస్తును అడిగితే, మనిషి కణాలు ఎన్ని వచ్చాయో చూసే కంట్రోల్ జీన్ సీటీ కూడా చెప్పాడు: అన్నకు 24, వదినకు 31. అంటే వదిన శాంపిల్లోనే సరుకు తక్కువ, స్వాబ్ సరిగా పడలేదు. 7 సైకిళ్లంటే 128 రెట్లు, అది తీసేస్తే మిగిలిన 3 సైకిళ్లకు తేడా ఎనిమిది రెట్లే. ఇదీ ఉజ్జాయింపు లెక్కే, పైగా ఇద్దరి టెస్టూ ఒకే మెషీన్ మీద ఒకే కిట్‌తో జరిగింది కాబట్టే ఈ మాత్రం పోల్చగలిగాం. నిజంగా ఇన్ని కాపీలని చెప్పాలంటే, ముందే లెక్క తెలిసిన శాంపిళ్లను పదేసి రెట్లు పలచన చేసి పక్కనే నడిపించాలి, పది రెట్లు పలచనైతే సీటీ 3.3 దగ్గర పెరగాలి. మామూలు రిపోర్టుల కోసం ల్యాబులు ఆ పని చేయవు, అందుకే 28 చూసి వదినకు వైరస్ తక్కువని కూడా నేను చెప్పలేకపోయాను.