వానాకాలం ప్రకటనల్లో “వాటర్‌ప్రూఫ్”: అపోహలు - వాస్తవాలు

రెయిన్‌కోట్లు, గొడుగులు అమ్మేవాళ్ళకు వానాకాలం ప్రకటనలు రాయడం నా పని. షాపు ముందు పోస్టరు, ఫోన్‌కి పంపే మెసేజ్, ఆన్‌లైన్‌లో ఫొటో కింద ఉండే నాలుగు లైన్లు, కోటుకి వేలాడే ట్యాగు, అన్నీ ఇందులోకే వస్తాయి. ప్రతి సీజన్‌కీ నా దగ్గరికి వచ్చే ముడి ప్రకటనల్లో కొన్ని నమ్మకాలు పదేపదే కనిపిస్తుంటాయి. వాటి గురించే ఇది.

అపోహ: “100% వాటర్‌ప్రూఫ్” అని పెద్దక్షరాల్లో వేస్తే ఇక వేరే ఏమీ చెప్పక్కర్లేదు.

ఆ మాట చాలాసార్లు గుడ్డకి వర్తిస్తుంది తప్ప కోటుకి కాదు. గుడ్డ మీద నీటి ఒత్తిడి పెంచుకుంటూ పోయి, ఎంత ఎత్తు నీటిని ఆపగలదో మిల్లీమీటర్లలో కొలుస్తారు. ట్యాగు మీద 5,000 మి.మీ. అని ఉంటే, అయిదు మీటర్ల ఎత్తు నీరు నిలబడినంత ఒత్తిడి దాకా ఆ గుడ్డ ఓర్చుకుందని అర్థం. అయితే ఆ పరీక్ష కుట్టు లేని గుడ్డముక్కకి చేసింది. కోటు అన్నాక భుజం దగ్గర, చంక దగ్గర, వీపు మధ్యలో కుట్లు ఉంటాయి. సూది దిగిన ప్రతిచోటా ఒక చిన్న రంధ్రం. ఆ కుట్ల మీద లోపలివైపు వేడితో టేపు అతికించకపోతే ఎంత మంచి గుడ్డయినా ఒక గట్టి వానకి భుజం తడుస్తుంది.

అందుకే రాయడానికి ముందు కోటు తెప్పించుకుని లోపలిది బయటికి తిప్పి చూడాలి. కుట్టు వెంబడి నున్నటి పట్టీ కనిపిస్తే టేపు ఉన్నట్టు. కొన్ని కోట్లలో భుజానికి మాత్రమే వేసి చంక దగ్గర వదిలేస్తారు. అనుమానంగా ఉంటే కుట్టు కింద టిష్యూ పేపరు పెట్టి, పైన గుంటలా చేసి గ్లాసుడు నీళ్ళు పోసి పది నిమిషాలు వదిలేయండి. పేపరు మీద కుట్టు గీత అచ్చు పడితే “వాటర్‌ప్రూఫ్” అనే మాట మీ ప్రకటనలో ఉండకూడదు. “చిరుజల్లుకి సరిపోతుంది” అని రాయండి. ఆ మాటకి కూడా కొనేవాళ్ళు ఉంటారు, ఆఫీసు బ్యాగులో మడిచి పెట్టుకోవడానికి.

దీన్ని ఒక సరుకు మీద పెట్టి చూద్దాం. టూవీలర్ నడిపేవాళ్ళ కోసం కోటు, ప్యాంటు ఉన్న రెయిన్‌సూట్. షాపువాళ్ళు పంపిన లైన్ ఇలా ఉందనుకోండి: “ఈ వానాకాలం స్టైల్‌గా, ధీమాగా! 100% వాటర్‌ప్రూఫ్ ప్రీమియం రెయిన్‌సూట్.” ఇందులో బండి మీద వెళ్ళేవాడికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.

బండి మీద వాన పైనుంచి పడదు, ఎదురుగా వస్తుంది. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకి దాదాపు ఆరున్నర మీటర్ల వేగంతో దిగుతుంది. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి సెకనుకి 11 మీటర్లు ముందుకెళ్తుంది. అంటే చినుకు తల మీద కన్నా గుండెల మీదే గట్టిగా కొడుతుంది. కాబట్టి ముందుగా చూడాల్సింది జిప్. దాని మీద అడ్డంగా మూసే పట్టీ ఉందా, ఒకటా రెండా? తర్వాత ప్యాంటు. సీటు మీద నీళ్ళు నిలుస్తాయి, వాటి మీదే కూర్చుంటాం, మన బరువుతో ఆ నీళ్ళు తొడల మధ్య కుట్టులోకి నొక్కుకుపోతాయి. రెయిన్‌సూట్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడివే. ఆ తర్వాత చేతి చివర, కాలి చివర.

ఇవన్నీ చూశాక ఆ సూట్‌కి ఇలా రాయొచ్చు: “బండి మీద ఎదురువాన జిప్‌లోంచి లోపలికి రాకుండా రెండు పొరల పట్టీ. తడి సీటు మీద కూర్చున్నా ప్యాంటు తడవకుండా కుట్లన్నిటికీ లోపల టేపు. చెప్పులు విప్పకుండానే వేసుకునేలా కాలి దగ్గర జిప్. షర్టు మీద వేసుకునేది కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోండి.” చివరి వాక్యం చూడటానికి అమ్మకానికి సంబంధించినదిలా కనిపించదు. నా లెక్కలో అదే ముఖ్యమైనది. బిగుతైన ప్యాంటుతో బండి ఎక్కితే ముందుగా చిరిగేది ఆ తొడల మధ్య కుట్టే.

అపోహ: “గాలి ఆడుతుంది, చెమట పట్టదు” అని ఏ కోటుకైనా రాసేయొచ్చు.

పీవీసీ కోటు నీళ్ళని బయటినుంచి రానివ్వదు, లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు. ఆవిరిని వదిలే ఖరీదైన గుడ్డలు కూడా బయట గాలిలో తేమ నిండిపోయి ఉక్కగా ఉన్నప్పుడు అంత బాగా పనిచేయవు. అప్పుడు చెమట కోటు లోపలే నీటి పొరలా పట్టేస్తుంది. మనిషి “కారుతోంది” అని కోటు తిరిగి తెచ్చిస్తాడు. తేడా తెలుసుకోవడం తేలిక. చేతులూ వీపూ సమానంగా చెమ్మగిల్లితే చెమట. ఒక గీత వెంబడో, ఒక చోట మచ్చలానో తడిస్తే కారుడు. ఈ రెండు వాక్యాలూ ట్యాగు మీద వేయించండి, కౌంటర్ దగ్గర గొడవలు తగ్గుతాయి. ప్రకటనలో మాత్రం కళ్ళకి కనిపించేదే రాయండి: వీపు మీద గాలి వెళ్ళే చీలిక, ఒంటికి అంటుకోకుండా లోపల జాలీ లైనింగ్. అవి లేకపోతే ఆ ఊసే వద్దు.

అపోహ: ఊచలు ఎక్కువుంటే గొడుగు గట్టిది.

పదహారు ఊచల గొడుగు ఫొటోలో బాగుంటుంది, చేతిలో బరువుగా కూడా ఉంటుంది. మడత గొడుగు విరిగేది మాత్రం సాధారణంగా ఊచ మడిచే కీలు దగ్గర. అక్కడ పల్చటి రేకు ఉందా, గట్టిగా ఉందా అన్నదే అసలు విషయం. ఫైబర్‌గ్లాస్ ఊచ గాలికి వంగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది, పల్చటి స్టీలు ఊచ వంగితే వంగినట్టే ఉండిపోతుంది. “గాలికి తిరగబడదు” అని రాయకండి, ఏదో ఒక గాలికి ప్రతి గొడుగూ తిరగబడుతుంది. షాపులోనే నాలుగైదుసార్లు చేత్తో తిరగేసి మూసి చూసి, బాగానే ఉంటే “తిరగబడినా మూసి తెరిస్తే సర్దుకుంటుంది” అనండి. ఇలా రాస్తే కస్టమర్ కౌంటర్ దగ్గరే చేసి చూస్తాడు, చూడనివ్వండి.

సైజు విషయంలో ఇంకో తిరకాసు ఉంది. 23 అంగుళాల గొడుగు అంటే ఊచ పొడవు 23 అని. రెండు వైపులా వంపు మీద కొలిస్తే 46 వస్తుంది, ప్రకటనల్లో ఆ అంకే వేస్తారు. తెరిచాక అంచు నుంచి అంచుకి సూటిగా కొలిస్తే 40 అంగుళాలకి అటూ ఇటూ ఉంటుంది. దాని కింద ఇద్దరు నిలబడితే భుజాలు దాదాపు అంచుదాకా వస్తాయి, కాస్త ఏటవాలు జల్లు కొట్టినా ఇద్దరూ తడుస్తారు. కాబట్టి “ఫ్యామిలీ సైజు” అనకుండా “వీపున బ్యాగుతో ఒక్కరికి” అని రాయండి, ఫొటో కూడా అలాగే తీయించండి.

అపోహ: డిస్కౌంటే హెడ్‌లైన్.

సీజన్‌కి ముందు, జనం తీరిగ్గా చూసే రోజుల్లో అయితే సరే. ఉదయాన్నే వాన మొదలైన రోజు పంపే మెసేజ్‌లో మాత్రం “ఇప్పుడు స్టాకు ఉంది, ఈ సైజులు ఉన్నాయి, ఎన్ని గంటలదాకా తెరిచి ఉంటాం” అన్నవే ముందుండాలి. తడుస్తూ నిలబడ్డవాడు శాతాలు లెక్కవేయడు.

అపోహ: కొన్నాక చెప్పాల్సింది ప్రకటన రాసేవాడి పని కాదు.

లోపల పూత ఉన్న కోటుని తడిగా మడిచి పెడితే వాసన పడుతుంది, కొన్నాళ్ళకి పూత పొట్టులా రాలుతుంది. అప్పుడు నీళ్ళు గుడ్డలోంచే దిగుతాయి. ట్యాగు వెనక ఇంత చాలు: “ఇంటికి రాగానే లోపలివైపు బయటికి తిప్పి నీడలో ఆరేయండి. పూర్తిగా ఆరాకే మడవండి. ఇస్త్రీ చేయకండి.”